మూడో మలుపు దగ్గర వాలెంత?

*శింగనమల దగ్గర ఒక కొండ రోడ్డు మీద ఇసుక ట్రాక్టర్ వెనక్కి జారింది. తప్పు డ్రైవరుదా, రోడ్డుదా అని ఊరంతా వాదులాడుతుంటే ఒక తాత, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు నీళ్ల పైపు పట్టుకుని కొండెక్కారు.*

పొద్దున ఆరున్నర. ఎండ ఇంకా కొండ నెత్తి మీదే ఉంది, రోడ్డు మీదికి దిగలేదు. తాత భుజాన చుట్టచుట్టిన ప్లాస్టిక్ పైపు. మనవరాలి చేతుల్లో రెండు కర్రలు. ఒక్కోటి మీటరున్నర పొడవు, వాటి మీద ఎర్ర రంగుతో సెంటీమీటర్ల గీతలు. వెనక్కి తిరిగి చూస్తే శింగనమల చెరువు కట్ట, దాని కింద మడి చెక్కలు, ఆ పక్క ఎర్రనేలలో దున్ని విత్తనానికి సిద్ధం చేసిన చేను.

మూడో మలుపు కింద రోడ్డు మీద నల్లగా రెండు చారలున్నాయి. ట్రాక్టర్ టైర్లు ఈడ్చిన గుర్తులవి. గుడి పనికి ఇసుక తీసుకుపోతున్న ట్రాక్టర్ ఇక్కడే ఆగి, ముందు చక్రాలు లేచి, ట్రాలీతో సహా వెనక్కి జారింది. పక్క బండకు ట్రాలీ తగులుకుంది కాబట్టి సరిపోయింది. డ్రైవరు కుర్రాడికి మోచేయి గీరుకుపోయింది, అంతే. మూడు రోజులుగా టీ అంగట్లో ఇదే మాట. బండి తోలడం రాలేదని కొందరు, రోడ్డే మిట్ట ఎక్కువైందని కొందరు. రోడ్డు వేయించినాయన లెక్క ఒక్కటే: పన్నెండు వందల మీటర్ల రోడ్డు, డెబ్బై రెండు మీటర్ల ఎత్తు, నూటికి ఆరు. అన్నీ కొలతల ప్రకారమే ఉన్నాయి పొమ్మన్నాడు.

ఊరి పేరు, గుడి పేరు, మనుషుల పేర్లు రాయొద్దని తాత ముందే మాట తీసుకున్నాడు. "ఎవుర్నీ బజారుకీడ్సేకి కాదు సార్. లెక్క తేలితే సాలు."

పైపులో నీళ్లకు పక్షపాతం లేదు

తాత ఇరవై ఏళ్లకు పైగా వాటర్‌షెడ్ పనుల్లో ఉన్నాడు. కందకాలు తవ్వే ముందు కొండ మీద ఒకే మట్టం ఎక్కడెక్కడ పోతుందో గుర్తు పెట్టడం ఆయన పని. అప్పటి కర్రలూ పైపూ ఇంకా అటక మీద ఉన్నాయి. ఆఫీసు భాషలో దీని పేరు హైడ్రోమార్కర్. ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల పైపే ఇది.

కొలత మొదలుపెట్టింది కొండ పాదం దగ్గర. రెండు కర్రలూ పక్కపక్కనే, ఒకే చోట నిలబెట్టించాడు. పైపు రెండు కొసలు ఆ కర్రలకు కట్టి ఉన్నాయి. మధ్యలో పైపు నేల మీద పాములా పడి ఉంది. రెండు కర్రల మీదా నీళ్లు 75 గీత దగ్గర ఆగాయి.

"రెండూ ఒకటే ఉండాయి తాతా. ఇంక పోదామా?"

"తొందరేంటికి మే? పైపు పొడుగునా చేత్తో నొక్కుకుంటా పో. యాడన్నా బుడగ ఉంటే లెక్కంతా గంగలో కలుస్తాది."

కొలత మధ్యలో ఏదైనా తేడా వస్తే పట్టుకునే ఉపాయం కూడా ఆయన దగ్గర ఉంది. ఇప్పుడు రెండు గీతలూ కలిపితే 150. ఒక కర్రను పైకి తీసుకుపోతే దానిలో నీళ్లు ఎంత దిగితే, కింది కర్రలో అంతే లేస్తాయి. పైపులో నీళ్లు ఎటూ పోవు కదా. కాబట్టి ఎక్కడ కొలిచినా రెండూ కలిపితే 150 రావాలి. రాకపోతే పైపు కారుతున్నట్టు, లేదా మధ్యలో కొత్తగా బుడగ చేరినట్టు, లేదా గీత తప్పు చదివినట్టు.

పది మీటర్ల తాడు రోడ్డు మీద పరిచారు. కింది కొస దగ్గర తాత, పై కొస దగ్గర పిల్ల.

"నాది 89," అన్నాడు తాత.

"నాది 61. కలిపితే నూట యాభై!"

"తేడా?"

"ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు. అంటే పది మీటర్లు నడిస్తే ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు పైకి పోయినాము. నూరు మీటర్లకు రెండు మీటర్ల ఎనబై. నూటికి 2.8."

ఎంత ఎత్తెక్కామో దాన్ని ఎంత దూరం పోయామో దాంతో భాగించాలి. వాలంటే ఇదే. బడిలో ఇదే లెక్కను గ్రాఫు కాగితం మీద చేసింది. అక్కడ అడ్డం గీత, నిలువు గీత అన్నారు. ఇక్కడ అడ్డం గీత తాడు, నిలువు గీత నీళ్లు.

నూటికి నూరంటే నిట్టనిలువా?

పైకి నడుస్తూ పిల్ల అడిగిన ప్రశ్న నన్ను కూడా ఆపింది. చాలామంది పెద్దలకు కూడా ఇక్కడే తికమక.

"తాతా, నూటికి నూరు వాలంటే గోడ మాదిరి నిలువుగా ఉంటాదా?"

తాత జవాబు చెప్పలేదు. రోడ్డు పక్కన కూర్చుని మట్టిలో పుల్లతో అడ్డంగా జానెడు గీత గీశాడు. దాని కొస నుంచి నిలువుగా ఇంకో జానెడు. రెండు కొసలనూ కలిపాడు.

"జానెడు పోయి జానెడు ఎక్కినాం. ఇది నూటికి నూరు. గోడ మాదిరి ఉండాదా?"

"లేదు. నలభై అయిదు డిగ్రీలు!"

"మరి గోడకెంత?"

పిల్ల కాసేపు ఆలోచించింది. గోడ ఎక్కితే అడ్డంగా పోయేది సున్నా. సున్నాతో భాగించకూడదని టీచరు చెప్పారు. "దానికి నంబరే లేదు," అంది. తాత పుల్ల పారేసి లేచాడు.

శాతానికీ డిగ్రీకీ మధ్య ఈ గందరగోళం వల్ల రోడ్ల గురించి మన అంచనాలు తప్పుతుంటాయి. నూటికి పది వాలు అంటే కాగితం మీద ఆరు డిగ్రీలకు కాస్త తక్కువ. చూడ్డానికి అదేం వాలు అనిపిస్తుంది. కానీ బరువు బండికి అది పెద్ద మిట్ట. ఇంజనీర్లు, డ్రైవర్లు డిగ్రీల్లో మాట్లాడకపోవడానికి కారణం ఇదే. వాళ్ల నోట వచ్చేది "ఇరవైకి ఒకటి", "పదిహేనుకు ఒకటి" అన్న మాట. ఇరవై మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కామని దానర్థం.

> కొండ రోడ్డు వాలు ఎంత ఉండొచ్చు?
> నిట్టగా ఉండే కొండ ప్రాంతాల రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన హద్దులివి. మామూలుగా నూటికి 6 దాటకూడదు, అంటే దాదాపు పదిహేడుకు ఒకటి. తప్పనప్పుడు 7. మరీ గత్యంతరం లేని చోట, అదీ కొద్ది దూరమే, 8. హెయిర్‌పిన్ మలుపు లోపల మాత్రం నలభైకి ఒకటి, అంటే నూటికి రెండున్నర మించకూడదు. బండి తిరుగుతున్నప్పుడు ఇంజనుకు మిట్ట భారం కూడా పడకూడదని.

సగటు దాచిపెట్టిన తొంభై మీటర్లు

మూడో మలుపు కింద, నల్ల చారల పక్కనే తాడు పరిచారు. కింది కర్రలో నీళ్లు పైకి లేచి 131 దగ్గర ఆగాయి. పై కర్రలో 19.

తేడా నూట పన్నెండు సెంటీమీటర్లు. నూటికి 11.2. దాదాపు తొమ్మిదికి ఒకటి.

పిల్ల నమ్మలేదు. కర్ర వంగిందేమో అని మళ్లీ పట్టుకుంది. 130, 20. కలిపితే అదే నూట యాభై. కర్ర కింద గులకరాయి పడింది, తీసి పెడితే మళ్లీ 131, 19. తాడు మీదకూ కిందకూ జరుపుకుంటూ పోతే అదే వాలు తొంభై మీటర్ల మేర ఉందని తేలింది. దాని కింది ముక్క 7.8.

"మరి నూటికి ఆరు అన్న్యారు గదా తాతా? అబద్ధమా?"

"అబద్ధం కాదు. సగటు."

పిల్ల నోటుపుస్తకం మోకాలి మీద పెట్టుకుని లెక్క వేసింది. తొంభై మీటర్లకు 11.2 చొప్పున పది మీటర్ల పైచిలుకు ఎత్తు ఇక్కడే ఎక్కేశారు. మిగిలిన 1,110 మీటర్లలో ఎక్కింది దాదాపు 62 మీటర్లు. అంటే మిగతా రోడ్డంతా సగటున 5.6 మాత్రమే. మొత్తం కలిపి చూస్తే చక్కగా ఆరు. రోడ్డు వేసినాయన చెప్పిన లెక్కలో తప్పు లేదు. కానీ ట్రాక్టర్ సగటు మీద నడవదు. ఏ నిమిషాన ఏ మీటరు మీద ఉందో ఆ మీటరు వాలే దానికి తగులుతుంది.

ఇంతకీ ఇక్కడే ఎందుకింత మిట్ట అయింది? రోడ్డు పడుతున్నప్పుడు తాత చూస్తూనే ఉన్నాడు. మొదట గీసిన గీత ప్రకారం ఈ ముక్క ఇంకా పక్కకు పోయి, నూట యాభై మీటర్లు చుట్టి రావాలి. మధ్యలో పెద్ద బండ అడ్డొచ్చింది. దాన్ని పగలగొట్టే ఖర్చు తప్పుతుందని చుట్టు తగ్గించి తొంభై మీటర్లలోనే పైకి తీసుకుపోయారు. ఎక్కాల్సిన ఎత్తు ఎక్కడికీ పోదు కదా. అదే పది మీటర్ల ఎత్తును నూట యాభై మీటర్ల మీద పరిస్తే నూటికి 6.7 అయ్యేది. కొండ రోడ్డు వంకర్లు పోయేది అందుకే. వంకర తగ్గిందంటే వాలు పెరిగిందన్నమాటే.

ఫోన్లో ఎత్తు చూపించే యాప్ ఉందిగా, ఈ పైపులూ కర్రలూ ఎందుకని నేనడిగాను. పిల్లే చూపించింది. పది మీటర్ల తాడు ఈ కొసన నిలబడితే ఒక అంకె, ఆ కొసకు పోయేసరికి నాలుగు మీటర్లు దిగినట్టు అంకె. పైకి నడిచి కిందికి దిగామట! ఉపగ్రహాలను బట్టి ఫోను చెప్పే ఎత్తులో కొన్ని మీటర్ల తేడా మామూలే. డెబ్బై రెండు మీటర్ల కొండకు ఆ తేడా పెద్దగా తెలియదు. నూట పన్నెండు సెంటీమీటర్లు పట్టుకోవాలంటే మాత్రం నీళ్ల పైపే దిక్కు.

లోపలి అంచు, బయటి అంచు

మలుపు మీద ఇంకో వింత ఉంది. రోడ్డుకు అడ్డంగా రెండు కర్రలూ పెడితే నీళ్లు సమానం, అటూ ఇటూ ఒకే మట్టం. మలుపు మొదటి నుంచి చివరికి ఎక్కే ఎత్తు 1.4 మీటర్లు. అది లోపలి అంచుకైనా బయటి అంచుకైనా ఒకటే. కానీ లోపలి అంచు వెంట తాడు పరిస్తే 14 మీటర్లు, బయటి అంచు వెంట 30.

"లోపల నూటికి పది. బయట అయిదు గూడా లేదు!" పిల్ల గట్టిగా అరిచింది.

సైకిలు మీద కొండెక్కే పిల్లలు మలుపులో బయటికి పోతారు, ఎవరూ నేర్పకుండానే. బరువు లారీ డ్రైవర్లూ అంతే. లోపలి అంచు పట్టుకున్న బండి ఒక్కసారిగా ఊపిరాడనట్టు మూలుగుతుంది. అదే రోడ్డు, అదే మలుపు, నాలుగైదు మీటర్ల పక్కన వాలు సగం.

> తిరుమల మెట్ల లెక్క
> తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. మొదటి ఘాట్ రోడ్డు పొడవు సుమారు 19 కిలోమీటర్లు, ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. భాగిస్తే నూటికి 3.7, అంటే ఇరవై ఏడుకు ఒకటి. అలిపిరి కాలిబాట 9 కిలోమీటర్లకు అటూ ఇటూ, మెట్లు 3,550. అదే ఎత్తును మెట్లతో భాగిస్తే ఒక్కో మెట్టూ 20 సెంటీమీటర్లకు దగ్గర, జానెడుకు కాస్త తక్కువ. దారి మొత్తం మీద సగటు వాలు నూటికి 8 లోపే. కానీ నడిచినవాళ్లకు తెలుసు: గాలిగోపురం దాకా మోకాళ్లు పట్టేస్తాయి, ఆ తర్వాత చాలా దూరం బాట చదును. మళ్లీ చివర్లో మోకాళ్ల పర్వతం. ఇక్కడా సగటు అసలు కష్టాన్ని దాచేస్తుంది.

ఆయాసానికి కొలత

మూడో మలుపు దాటాక అడ్డదారి ఒకటి నేరుగా గుడికి పోతుంది. గొర్లు నడిచి నడిచి పడ్డ బాట. ఇక్కడ పది మీటర్ల తాడు పనికిరాదు. కర్ర ఎత్తే మీటరున్నర. తేడా అంతకు మించితే కింది కర్రలోంచి నీళ్లు పైకి పొంగి కారిపోతాయి. అందుకని మూడు మీటర్లకే కొలిచారు. కింద 135, పైన 15. నూట ఇరవై సెంటీమీటర్లు.

"మూడు మీటర్లకు ఒకటిన్నర కంటే తక్కువ... నూటికి నలభై!"

"ఆగు," అన్నాడు తాత. "తాడు యాడ పరిచినావు?"

"నేల మీద."

"నేల ఏటవాలుగా ఉండాది గదా. తాడు గూడా వాలుగానే పడింది. మనకు కావాల్సింది మట్టంగా పోయిన దూరం."

పైథాగరస్ ఇక్కడ అక్కరకొచ్చాడు. వాలుగా మూడు మీటర్లు, నిలువు 1.2 మీటర్లు అయితే మట్టంగా పోయింది 2.75 మీటర్లే. అసలు వాలు నూటికి 44 దాకా ఉంది. మరి రోడ్డు మీద ఈ సవరణ ఎందుకు చేయలేదని పిల్ల నిలదీసింది. చేసి చూడమన్నాడు తాత. 11.2 కాస్తా 11.3 అయింది. రోడ్లకు ఈ తేడా లెక్కలోకి రాదు, గొర్ల బాటకు వస్తుంది. తాడును నేల మీద పరవకుండా గాల్లో మట్టంగా పట్టుకుంటే ఈ తిప్పలే ఉండవని కూడా చెప్పాడు.

ఇక్కడ ఆయన జేబులోంచి చేతి గడియారం తీశాడు. కింద నూటికి 2.8 ఉన్న చోట పిల్ల పది మీటర్లు నడవడానికి 12 సెకన్లు పట్టింది. మూడో మలుపు దగ్గర 15 సెకన్లు. గొర్ల బాట మీద మూడు మీటర్లకే 9 సెకన్లు. నడక చూస్తే నిమిషానికి 50 మీటర్లు, తర్వాత 40, తర్వాత 20. తగ్గుతూ వచ్చింది. కానీ నిమిషానికి ఎంత ఎత్తు ఎక్కిందో చూస్తే వరస తిరగబడింది: కింద 1.4 మీటర్లు, మలుపు దగ్గర 4.5, గొర్ల బాట మీద 8.

"నిదానంగా నడిచినా బిరీన పైకి పోతాండా!"

"అందుకే ఆయాసం. గుండెకు దూరం తెలీదు మే, ఎత్తే తెలుస్తాది."

తాత వయసు డెబ్బై దాటింది. నిమిషానికి నాలుగు మీటర్ల ఎత్తు మించి ఎక్కితే ఆగి నిలబడాల్సిందే. అందుకని మిట్ట పెరిగేకొద్దీ అడుగు చిన్నది చేస్తాడు. గొర్ల బాట మీద ఆయన నడక నిమిషానికి పది మీటర్లు. వెనక నుంచి చూస్తే నిలబడే ఉన్నాడనిపిస్తుంది, కానీ ఎక్కడా ఆగలేదు. పిల్ల మూడుసార్లు కూర్చుంది. ఇద్దరూ దాదాపు ఒకేసారి పైకి చేరారు.

వాలు సున్నా కావాల్సిన చోటు

గుడి వెనక కొండ వాలు మీద పాత కందకాలున్నాయి. సగం పూడిపోయాయి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలో తొలిసారి ప్రారంభించింది ఇక్కడికి దగ్గర్లోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల కొండల మీద ఇలాంటి కందకాలు ఎన్నో తవ్వారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లా ఇది. ఆ వాన కూడా కొన్ని గంటల్లో కొట్టి పోతుంది. కొండ మీద పడ్డది కొండ మీదే కాసేపు నిలిస్తేనే కింద బావిలోకి ఊట.

నీళ్ల వేగానికీ వాలుకూ ఉన్న లెక్క కొంచెం భయం పుట్టిస్తుంది. నీటి లోతు, నేల గరుకుదనం ఒకటే అనుకుంటే, వాలు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లవుతుంది. వేగం రెండు రెట్లయితే నీళ్లు దొర్లించగల రాయి బరువు 64 రెట్లవుతుంది. కొండ పాదం దగ్గర 2.8, మూడో మలుపు దగ్గర 11.2. సరిగ్గా నాలుగు రెట్లు. కింద గులకరాళ్లు కదిలించే కాలువ అక్కడ గుండురాళ్లు దొర్లిస్తుంది. ఆ తొంభై మీటర్ల పక్క కాలువ మోకాలి లోతు కోసుకుపోయి ఉండటం మేం చూస్తూనే వచ్చాం.

కందకం పని ఆ నీళ్లను ఆపడం. దానికి పొడుగునా వాలు ఉండకూడదు. ఒక చోట తాత ఆగి పూడిపోయిన కందకం చూపించాడు. ఒక కొస తెగిపోయి ఉంది, దాని కింద గాడి.

"ఇది నేనే గుర్తు పెట్టింది. ఆ పొద్దు బుడగ సూసుకోలేదు. పది మీటర్లకు అయిదు సెంటీమీటర్లు వాలింది. కంటికి మట్టంగానే ఉన్న్యట్టు కనపడ్య. మొదటి వానకే నీళ్లన్నీ ఈ కొసకు వచ్చి తెంపుకుని పాయ. దీని కింద మూడు కందకాలు గూడా పాయ."

పిల్ల కర్రలు పెట్టి కొలిచింది. నాలుగున్నర. పూడిక పడ్డాక కూడా ఆ తప్పు అలాగే ఉంది. పొద్దున బుడగ గురించి తాత అంతగా ఎందుకు కసిరాడో అప్పుడర్థమైంది నాకు.

డ్రైవరుకు చెప్పిన అంకె

దిగేటప్పుడు టీ అంగడి దగ్గర డ్రైవరు కుర్రాడు ఎదురొచ్చాడు, మోచేతికి కట్టుతో. తప్పెవరిదో తేల్చమని అతను అడగలేదు. "ఇసుక ఇంకా మోయాల పెద్దాయనా. ఎంతేసుకోవచ్చు?" అన్నాడు.

లెక్క పిల్లే చేసింది. ట్రాక్టరు, ట్రాలీ, ఇసుక కలిపి ఆరోజు బరువు సుమారు అయిదు టన్నులు. ఇలాంటి వాలుల మీద బండిని వెనక్కి గుంజే బలం బరువులో వాలు శాతమంత ఉంటుంది. కొండ పాదం దగ్గర అయిదు టన్నులకు 2.8 శాతం, 140 కిలోలు. మలుపు దగ్గర 560. దాని కింద 7.8 ఉన్న ముక్కను ట్రాక్టర్ ఇబ్బంది లేకుండా ఎక్కింది, అక్కడ గుంజింది 390 కిలోలు. అంతకు మించకూడదనుకుంటే 11.2 మీద మొత్తం బరువు ఎంత ఉండొచ్చు? 390ని 0.112తో భాగిస్తే మూడున్నర టన్నులకు కాస్త తక్కువ.

"చక్రాల రాపిడి ఈ లెక్కలో లేదు," అని తాత గుర్తు చేశాడు. "అది కలిపితే ఇంకొంచెం ఎక్కువే వస్తాది. అయినా మనం తక్కువ పక్కే ఉందాం. రొండు: ముందు చక్రాలు లేస్తే ఇంజను బలం ఎంతుండీ పనికి రాదు. మలుపులో బయటి అంచు పట్టు."

ట్రాక్టరు, ట్రాలీ ఉత్తవే మూడు టన్నులు. మిగిలింది దాదాపు అర టన్ను. రెండు టన్నుల ఇసుక పైకి చేరాలంటే నాలుగైదు ట్రిప్పులు, డీజిలు ఖర్చూ ఎన్నో రెట్లు.

కుర్రాడు కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత పార తీసుకుని ట్రాలీలోంచి ఇసుక కింద పోయడం మొదలుపెట్టాడు. పిల్ల పైపులో నీళ్లు అంగడి ముందు వేపచెట్టు మొదట్లో పారబోసి, పైపు మళ్లీ చుట్ట చుట్టింది.